మూడు రబ్బర్లు మార్చినా విజిల్ రాని కుక్కర్

బెంగళూరు తూర్పు వైపు ఒక లేఅవుట్‌లో నాది గ్యాస్ స్టవ్, కుక్కర్, మిక్సీ రిపేరు షాపు. సొంతూరు మదనపల్లె దగ్గర. పద్నాలుగేళ్లుగా ఇదే పని. వచ్చే కుక్కర్లలో చాలావరకు రబ్బరు మార్చి, నాజిల్ శుభ్రం చేసి పంపేవే, వాటి గురించి రాయడానికి ఏమీ ఉండదు. ఈ ఒక్క కుక్కర్‌ని మాత్రం నేను రెండుసార్లు తప్పుగా బాగుచేశాను, రెండోసారి చేసిన తప్పు ప్రమాదం దాకా వెళ్లింది. అందుకే ఎక్కడ ఏమనుకున్నానో, ఎందుకలా అనుకున్నానో వరసగా రాస్తున్నాను. ఇంటివాళ్ల పేర్లు, ఉండే చోటు, కుక్కర్ మీదున్న బ్రాండ్ పేరు రాయడం లేదు.

ఇంట్లో ఐదుగురు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు పిల్లలు, వంట ఎక్కువగా అత్తగారిదే. కడప వైపు వాళ్లు కాబట్టి రోజూ పప్పు ఉండాల్సిందే. కుక్కర్ ఐదు లీటర్ల స్టీలుది, బయటి మూత రకం, అంటే మూత గిన్నె మీద కూర్చుని, పిడి తిప్పితే లాక్ అయ్యేది. లేఅవుట్‌లోనే రెండు రోజులు పెట్టిన ఒక ఎక్స్‌చేంజ్ మేళాలో పాత గిన్నెలు ఇచ్చి, పైన 1,150 రూపాయలు కట్టి తీసుకున్నారట. డబ్బా మీద 304 రకం స్టీలు అని, ఇండక్షన్‌కి పనికొస్తుందని రాసి ఉంది.

ఆ కోడలు షాపుకి వచ్చి చెప్పింది ఇది: "అన్నా, విజిల్ రావట్లేదు. అంచు చుట్టూ నీళ్లు కారతాయి, ఆవిరి పోతుంది. కందిపప్పు ఉడకడానికి నలభై నిమిషాలు పడుతోంది, ఆఖరికి అడుగంటుతోంది. రబ్బరు మూడుసార్లు మార్చాను." అత్తగారు పాతకాలం పద్ధతిలో మూత అంచుకి గోధుమపిండి ముద్ద పెట్టి కూడా చూశారట. రబ్బరుని రాత్రి ఫ్రీజర్లో పెట్టి పొద్దున వాడితే ఒక పూట బాగుంటోందట. ఫ్రీజర్లో పెడితే రబ్బరు కాస్త బిగుసుకుని ఒకటి రెండు వంటలకు పట్టు దొరుకుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. కానీ ఆ మాటలో ఒక ఆధారం ఉంది, నేను అప్పుడు పట్టుకోలేదు. కొత్త రబ్బరుకి కూడా ఫ్రీజర్ అవసరమవుతోందంటే లోపం రబ్బరులో లేనట్టే కదా.

మొదటిసారి నేను చేసింది

మూత తిప్పి చూస్తే లోపల ఉన్నది వేరే పెద్ద కంపెనీ ఐదు లీటర్ల కుక్కర్‌కి వేసే నల్ల రబ్బరు. గాడిలో కొంచెం వదులుగా ఉంది. బయటి మూత కుక్కర్లో గాస్కెట్ పని ఏమిటంటే, మూత లోపలి గాడిలో కూర్చుని ఉంటుంది, ఆవిరి పెరిగేకొద్దీ దాని పెదవిని గిన్నె అంచుకేసి ఒత్తుతుంది, ఆ ఒత్తుడుతోనే సీలు పడుతుంది. గాడిలో వదులుగా ఉంటే మొదట్లోనే ఆవిరి పక్కనుంచి జారిపోతుంది, ఒత్తడానికి ఒత్తిడే పుట్టదు. కాబట్టి సైజు తేడా అని నిర్ధారించుకుని, గాడికి సరిగ్గా పట్టే తెల్ల సిలికాన్ గాస్కెట్ వేశాను. నల్లది నైట్రైల్ రబ్బరు, చవక, బాగానే పనిచేస్తుంది కానీ వేడికి కొన్నాళ్లకు గట్టిపడి పగుళ్లు వస్తాయి. సిలికాన్ ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది, అయితే చిన్న గాటు పడినా అక్కడినుంచి చిరిగిపోతుంది.

అర లీటరు నీళ్లు పోసి షాపులో పెద్ద బర్నర్ మీద పెట్టాను. ఎనిమిది నిమిషాల్లో విజిల్ వచ్చింది. సంతోషంగా పంపేశాను. పదో రోజు మళ్లీ వచ్చింది.

నా పరీక్షే తప్పు. పెద్ద మంట మీద ఆవిరి పుట్టే వేగం, అంచు దగ్గర కారే వేగం కంటే ఎక్కువగా ఉంటే కారే కుక్కర్ కూడా విజిల్ వేస్తుంది. ఇంట్లో ఎవరూ అలా వండరు, ఒక విజిల్ రాగానే సిమ్‌లో పెడతారు. అప్పుడు పుట్టే ఆవిరి తక్కువ, కారేది అంతే, ఒత్తిడి పడిపోతుంది, పప్పు మామూలు గిన్నెలో ఉడికినట్టే ఉడుకుతుంది. ఈసారి కొలిచి ఒక లీటరు నీళ్లు పోసి, ఆవిరి బాగా పట్టాక సిమ్‌కి కొంచెం పైన ఇరవై నిమిషాలు ఉంచి, చల్లారాక మళ్లీ కొలిచాను. 720 మిల్లీలీటర్లు మిగిలాయి. అదే మంట మీద మా ఇంటి ఐదు లీటర్ల కుక్కర్లో 930 మిగిలాయి. విజిళ్లు లెక్కపెట్టడం కంటే ఈ నీళ్ల లెక్క ఎక్కువ చెబుతుంది, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు.

రెండోసారి, ఇంకా పెద్ద తప్పు

కారుతోంది సరే, ఎక్కడ? మూత చల్లగా ఉన్నప్పుడు న్యూస్‌పేపర్ ముక్క ఒకటి గాస్కెట్‌కీ గిన్నె అంచుకీ మధ్య పెట్టి, మూత లాక్ చేసి లాగి చూశాను, చుట్టూ ఎనిమిది చోట్ల. ఆరు చోట్ల బిగుతుగా ఉంది, పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల చేతికి సులువుగా వచ్చేసింది. గిన్నెను గ్రానైట్ బండ మీద బోర్లిస్తే సరిగ్గా అక్కడే సందు కనిపించింది, గిన్నె కదులుతోంది కూడా. అంటే అంచే సమంగా లేదు. తూకం వేస్తే మూతతో కలిపి కిలోన్నర లోపే ఉంది. నా దగ్గర రిపేరుకి ఉన్న మరో ఐదు లీటర్ల స్టీలు కుక్కర్ రెండు కిలోల నాలుగు వందలు తూగింది. రేకు పల్చన. వేడెక్కి చల్లారేటప్పుడు అంచు వంగిపోతోంది.

ఇక్కడ ఆగి "అమ్మా, ఇది రిపేరు చేసేది కాదు" అని చెప్పాల్సింది. చెప్పలేదు. డబ్బులు పెట్టి కొన్నారు, నెల కూడా కాలేదు, ఏదో ఒకటి చేసి పంపుదాం అనుకున్నాను. వేరే మోడల్‌కి వచ్చే, కాస్త మందంగా ఉండే గాస్కెట్ వేశాను. సందు పూడింది. నీళ్ల పరీక్షలో 900 మిగిలాయి. మూత తిప్పేటప్పుడు పిడి చివరి దాకా రాకుండా వేలెడు ముందే బిగుసుకుంది, కొత్త రబ్బరు కదా, రెండు రోజుల్లో సర్దుకుంటుందని చెప్పాను.

నాలుగో రోజు సాయంత్రం ఫోన్. పప్పు పెట్టి అత్తగారు హాల్లోకి వెళ్లారు, ఢామ్మని చప్పుడు. మూత ఎగరలేదు కానీ ఒక పక్క రబ్బరు బయటికి తన్నుకొచ్చి ఆవిరి, పప్పు గోడ మీదికి చిమ్మాయి. మనిషి అక్కడ లేదు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు వాళ్లింటికే వెళ్లి కుక్కర్ తెచ్చుకుని, ఈసారి ఏ భాగాన్నీ నమ్మకుండా ఒక్కొక్కటిగా విప్పాను.

విప్పాక తేలింది

మొదటిది లాక్. మందం గాస్కెట్ మూతను పైకి లేపింది, దాంతో మూత అంచున ఉండే పళ్లు గిన్నె అంచు పళ్ల కిందకి సగమే వెళ్లాయి. పిడి ముందే బిగుసుకోవడం నాకు కనిపించిన గుర్తు, నేను దాన్ని కొట్టిపారేశాను. బయటి మూత కుక్కర్లో రెండు పిడులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే స్టవ్ మీద పెట్టకూడదు.

రెండోది విజిల్. కోడలిని అడిగితే చెప్పింది, కొన్న వారానికే విజిల్ పోయిందట, వీధిలో బండి మీద అమ్మేవాడి దగ్గర ఒకటి కొన్నారట. చూడ్డానికి సరిగ్గా పట్టింది. ఇక్కడే అందరూ మోసపోతారు. బరువుతో పనిచేసే విజిల్ ఎంత ఒత్తిడికి లేస్తుందనేది దాని బరువు ఒక్కటే చెప్పదు, కింద నాజిల్ రంధ్రం ఎంత ఉందనేదీ చెబుతుంది. బరువుని రంధ్రం వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే ఒత్తిడి. ఇళ్లలో వాడే కుక్కర్లు మామూలుగా చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ఒత్తిడి దగ్గర పనిచేసేలా చేస్తారు. ఆ విజిల్ 70 గ్రాములు తూగింది. అది ఏ మోడల్ కోసం తయారైందో దాని నాజిల్ రంధ్రం 3 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం సుమారు 0.07 చదరపు సెంటీమీటర్లు, 0.07 కిలోలని దాంతో భాగిస్తే ఒకటి, సరిపోయింది. ఈ కుక్కర్ నాజిల్లో 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ దూరలేదు, రెండున్నరది దూరింది. వైశాల్యం 0.049. ఇప్పుడు అదే విజిల్ లేవాలంటే 1.43 కావాలి. దాదాపు ఒకటిన్నర రెట్లు. వాళ్లకు విజిల్ రాకపోవడానికి సగం కారణం ఇదే. అంత ఒత్తిడి రాకముందే అంచు దగ్గర కారిపోయేది. నేను ఆ కారడాన్ని మూసేశాను. దాంతో ఒత్తిడి మొత్తం సగం లాక్ అయిన పళ్ల మీద పడింది.

మూడోది, మూత అంచులో ఉండాల్సిన కిటికీ. నేను చూసే పేరున్న బయటి మూత కుక్కర్లకు మూత పక్క గోడలో పొడుగ్గా ఒక సందు ఉంటుంది. ఒత్తిడి హద్దు దాటితే గాస్కెట్ ఆ సందులోంచి బయటికి ఉబ్బి, ఆవిరిని అక్కడే వదిలేస్తుంది. దీనికి ఆ సందే లేదు. రబ్బరుకి పోవడానికి పెట్టిన దారి లేక, బలహీనంగా ఉన్న చోట తనే దారి చేసుకుంది.

నాలుగోది నన్ను అన్నిటికంటే భయపెట్టింది. సేఫ్టీ వాల్వ్ మధ్యలో తక్కువ వేడికే కరిగే మెత్తటి లోహం ఉండాలి. మూత లోపలి వైపునుంచి చూస్తే అది వేరే రంగులో చుక్కలా కనిపిస్తుంది, మేకుతో గీస్తే గీత పడుతుంది. దీన్ని విప్పి గీస్తే గీత పడలేదు. రెండుగా కోసి చూశాను, మొత్తం ఒకే ఇత్తడి ముక్క. ఆ రోజు వచ్చిన ఒత్తిడికి అసలు వాల్వ్ కూడా కరిగేది కాకపోవచ్చు. కానీ నాజిల్లో పప్పు పొట్టు పూర్తిగా అడ్డుపడి, నీళ్లు ఇంకిపోయి ఉంటే ఈ కుక్కర్లో ఆపడానికి ఇంకేమీ లేదు.

అప్పుడు చూశాను మార్కు. నిజానికి మొదటి రోజే చూడాల్సింది. కుక్కర్ అడుగున ఐఎస్ఐ గుర్తు అచ్చు ఉంది, అంతే. నిజమైన గుర్తు ఒంటరిగా ఉండదు. పైన ప్రమాణం నంబరు ఉండాలి, ప్రెషర్ కుక్కర్‌కి అది `IS 2347`. కింద `CM/L-` అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరు ఆ తయారీదారుకి, ఆ ఫ్యాక్టరీకి ఇచ్చింది. ఇక్కడ అడుగున రెండూ లేవు, డబ్బా మీద మాత్రం ఒక నంబరు ఉంది. ఫోన్లో ఐఎస్ఐ మార్కు ఇచ్చే సంస్థ యాప్ `BIS Care` తెరిచి, `Verify Licence Details` లో ఆ నంబరు కొట్టాం. లైసెన్స్ ఉన్న సంస్థ పేరు, చిరునామా, ఏ వస్తువుకి ఇచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది, అన్నీ వస్తాయి. వచ్చిన పేరు డబ్బా మీది పేరు కాదు, వస్తువు కుక్కర్ కూడా కాదు. ఎవరిదో నంబరు ఎత్తి అచ్చు వేశారు.

2020లో వచ్చిన క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ ప్రకారం, 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇళ్లలో వాడే ప్రెషర్ కుక్కర్ ఐఎస్ఐ మార్కు లేకుండా అమ్మకూడదు. ఆన్‌లైన్‌లో అయినా, మేళాలో అయినా అంతే. ఫోటోలు తీసి అదే యాప్‌లో ఫిర్యాదు పెట్టించాను. డబ్బు వెనక్కి రాలేదు, మేళా పెట్టినవాళ్లు రసీదే ఇవ్వలేదు.

కొత్తది ఎలా ఎంచుకున్నాం

వాళ్లతోపాటు చిక్కపేట గిన్నెల షాపులకు నేనూ వెళ్లాను. ముందు ఇంట్లో కూర్చుని ఏం కావాలో మాట్లాడుకున్నాం, షాపులో నిలబడి ఆలోచిస్తే మెరుపు చూసి కొంటాం.

లోహం సంగతి మొదట. మామూలు అల్యూమినియం తేలిక, చవక, వేడి సమంగా పాకుతుంది, పప్పు అడుగంటడం తక్కువ. కానీ చింతపండు, టమాటా పులుపు తగిలితే లోపల మెరుపు పోతుంది. ఇక్కడి బోరు నీళ్లకు నల్లబడుతుంది కూడా. అడుగున స్టీలు పలక అతికించి ఉంటే తప్ప ఇండక్షన్ మీద పనిచేయదు. హార్డ్ ఆనోడైజ్డ్ అంటే నల్లగా ఉండేది, అదీ అల్యూమినియమే, పైపొరని గట్టిపరిచారు, పులుపుని బాగా తట్టుకుంటుంది, కానీ స్టీలు పీచుతో గట్టిగా తోమే ఇంట్లో ఆ పొర నిలవదు. వీళ్లింట్లో పనిమనిషి తోముతుంది. సాంబారు, పులుసు కుక్కర్లోనే చేస్తారు. గ్యాస్ అయిపోయిన రోజుల్లో ఇండక్షన్ వాడతారు. కాబట్టి స్టీలు, అడుగున అల్యూమినియం పలకని రెండు స్టీలు పొరల మధ్య పెట్టిన శాండ్‌విచ్ బాటమ్. స్టీలు ఒక్కటే ఉంటే వేడి మంట తగిలిన చోటే నిలిచిపోయి పప్పు మాడుతుంది, ఆ పలక ఉన్నది అందుకే.

ఆ కోడలు అయస్కాంతం తెచ్చింది, 304 అవునో కాదో చూద్దామని. అది ఇక్కడ పనికిరాదు. 304కి మామూలుగా అయస్కాంతం అంటదు, అంతకంటే చవకైన 202కి కూడా అంతే. అడుగుకి అంటితే ఇండక్షన్ మీద పనిచేస్తుందని తెలుస్తుంది, అంతే. మనం తేల్చుకోలేని ఆ అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దని చెప్పాను.

తర్వాత మూత. నా మనసు లోపలి మూత రకం వైపే ఉంటుంది. మూత గిన్నె లోపలికి దిగి కింది నుంచి అంచుకి ఆనుతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది, లోపల ఆవిరి ఉన్నంతసేపూ ఎంత లాగినా రాదు. మా ఇంట్లో అదే. కానీ అత్తగారికి మణికట్టు నొప్పి, మూతను వంచి లోపలికి దించి పిడికి తగిలించడం ఆమెకు కష్టం. పైగా పప్పు, అన్నం గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి వండుతారు, లోపలి మూత కుక్కర్‌కి మూతి ఇరుకు, ఆ గిన్నెలు దిగవు. "నాయనా, నేను తెరవలేని కుక్కర్ నాకెందుకు" అన్నారామె. నా ఇష్టం పక్కన పెట్టి బయటి మూతే తీసుకున్నాం, మూత పక్క కిటికీ ఉన్నది అయితేనే అని.

షాపులో మొదట చూపించినదాన్ని పక్కన పెట్టేశాం. గిన్నె మీది `CM/L` నంబరు, డబ్బా మీది నంబరు ఒకటి కాదు. షాపతను డబ్బాలు మారిపోయి ఉంటాయన్నాడు, నిజమే కావచ్చు, అయినా రెండూ కలిసేది ఇంకొకటి తెమ్మన్నాం. రెండోదానికి గుర్తు, పైన `IS 2347`, కింద నంబరు గిన్నె మీదే చెక్కి ఉన్నాయి. యాప్‌లో కొడితే డబ్బా మీద తయారీదారుగా ఉన్న పేరే, లైసెన్స్ చెల్లుబాటులో ఉంది. షాపులోనే గిన్నె బోర్లించి చూశాం, పేపర్ ముక్క లాగి చూశాం, ఎనిమిది చోట్లా బిగుతే. పిడులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. సేఫ్టీ వాల్వ్ మధ్యలో మెత్తటి లోహం చుక్క కనిపించింది.

అదే కౌంటర్ దగ్గర ఆ మోడల్ గాస్కెట్ రెండు, విజిల్ ఒకటి, సేఫ్టీ వాల్వ్ ఒకటి కొనిపించాను. అవి దొరకని కుక్కర్ అయితే ఎంత మంచిదైనా వద్దనేవాణ్ని, ఎందుకంటే ఏడాది తర్వాత రబ్బరు గట్టిపడినప్పుడు మళ్లీ బండి మీదిదే కొంటారు. కుక్కర్ గాస్కెట్‌కి కూడా విడిగా `IS 7466` అని ప్రమాణం ఉంది, కానీ మార్కు ఉన్న గాస్కెట్ అయినా వేరే మోడల్‌దైతే ఈ గాడిలో కూర్చోదు.

మర్నాడు వాళ్లింట్లోనే నీళ్ల పరీక్ష చేశాం. లీటరుకి 940 మిగిలాయి. పప్పు, బియ్యం సగానికి మించి పోయకూడదని అత్తగారికి చెప్పాను, అవి పొంగి పొట్టు నాజిల్లోకి ఎక్కుతుంది. మిగతా వంటలకు మూడింట రెండు వంతులు. మూత పెట్టే ముందు ప్రతిసారీ నాజిల్‌ని వెలుతురుకి ఎత్తి అవతలి వైపు కనిపిస్తోందా అని చూడమన్నాను.

ఇప్పుడు షాపులో

ఏ కుక్కర్ వచ్చినా ముందు అడుగు తిప్పి మార్కు చూస్తాను, నంబరు యాప్‌లో కొడతాను. నిమిషం పని. నంబరు కలవకపోతే ఏ భాగమూ మార్చను, ఎంత బతిమాలినా. దొంగ కుక్కర్‌కి మంచి గాస్కెట్ వేయడమంటే దాని ఒత్తిడి పెంచడమే అని ఈ కేసులో తెలిసింది. విజిల్ ఎక్కడ కొన్నారని తప్పకుండా అడుగుతాను, అనుమానం వస్తే డ్రిల్ బిట్ పెట్టి రంధ్రం కొలిచి, విజిల్ తూకం వేస్తాను. మందం గాస్కెట్లు తెప్పించడం మానేశాను. విజిల్ వచ్చిందని కుక్కర్ వెనక్కి ఇవ్వను, సిమ్‌లో ఇరవై నిమిషాలు ఉంచి నీళ్లు కొలిచాకే ఇస్తాను. కస్టమర్లు అరగంట కూర్చోవాలంటే విసుక్కుంటారు, సాయంత్రం రమ్మంటాను.

ఆ పాత కుక్కర్‌ని వేడినీళ్లు కాచుకోవడానికి ఉంచుకుంటామన్నారు. మూత నాకిచ్చేస్తేనే అన్నాను. ఎవరూ మళ్లీ వాడకుండా పళ్లు కోసేసి, కోసిన ఇత్తడి వాల్వ్‌తో సహా కౌంటర్ వెనక వేలాడదీశాను.

పదకొండు నెలలకు ఆ కోడలు మళ్లీ వచ్చింది. దాచిన రెండు గాస్కెట్లలో ఒకటి వేసేశారు, ఇంకొకటి కొని ఉంచుకుందామని. ఈసారి సంచిలో మూతే పెట్టుకుని తెచ్చింది.